సన్మాన పత్రం చిత్తును సాదాగా తిరగరాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదోనిలో డీటీపీ పని చేసేవాళ్లకు నెలాఖరు వస్తే చేతి నిండా సన్మాన పత్రాలే. ప్రభుత్వ ఉద్యోగులు నెల మధ్యలో కాకుండా నెల చివరి రోజునే రిటైర్ అవుతారు కాబట్టి సభలన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. టైపింగ్‌కు వచ్చే చిత్తుల్లో ముప్పాతిక మంది జ్ఞానజ్యోతులు, మిగతావాళ్లు అజాతశత్రువులు. చిత్తు తెచ్చినవాళ్లే కొందరు "ఇది చదివితే మా సారు గుర్తుకు రావట్లేదు, కాస్త సరిచేయండి" అంటారు. అలా సరిచేసేటప్పుడు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. ఉదాహరణకు కోసిగి వైపు ఒక ఊరి హైస్కూల్లో లెక్కల సారు పదవీ విరమణ పత్రాన్ని తీసుకున్నాను. పేర్లు రాయలేదు.

మా చిత్తులో అలంకారాలు ఎక్కువయ్యాయని ఎలా తెలుసుకోవాలి?

పేరు చెరిపేసి, అదే నెలలో రిటైర్ అవుతున్న ఇంకొకరి పేరు పెట్టి చదవండి. లెక్కల సారు పేరు తీసి బ్యాంకు మేనేజర్ పేరు పెట్టినా వాక్యం చక్కగా నడుస్తోందంటే, అందులో మీ సారు లేరన్నమాట. "స్నేహశీలి, మృదుభాషి, నిరాడంబరులు" అనే వరుస ఎవరికైనా సరిపోతుంది. "డిసెంబరులో ఇంటింటికీ వచ్చారు" అనేది మాత్రం అలా వచ్చినవాళ్లకే సరిపోతుంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. పత్రాన్ని పైకి చదువుతున్నప్పుడు ఎక్కడ గొంతు మారుతుందో గమనించండి. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు చదువుతున్నవాళ్లు ఒక చోటికి రాగానే హరికథ స్వరంలోకి వెళ్లిపోతారు. ఆ చోటు కింద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. దిద్దాల్సింది అక్కడే.

ఒక చిత్తు తీసుకుని ఎక్కడెక్కడ తప్పిందో చూపిస్తారా?

లెక్కల సారు చిత్తులో మొదటి పేరా ఇలా ఉంది:

> జ్ఞానజ్యోతీ! అజ్ఞానాంధకారంలో కొట్టుమిట్టాడుతున్న మా గ్రామ బాలబాలికల జీవితాల్లో విద్యాకాంతులు వెదజల్లిన విజ్ఞాన భాస్కరులు మీరు. గణిత శాస్త్రాన్ని కరతలామలకం గావించి, విద్యార్థి లోకానికి కల్పవృక్షమై, కామధేనువై, నిరంతర కృషీవలులై, అజాతశత్రువులై భాసిల్లిన మీ కీర్తి దశదిశలా వ్యాపించింది. నీ సేవలను వర్ణించ ఆదిశేషుని వేయి నాలుకలైనా చాలవు.

మొదట "అజ్ఞానాంధకారం". సారును పొగడడానికి ఊరిని తిట్టాం. ఆ పత్రం చదివేటప్పుడు ముందు వరుసలో కూర్చునేది ఆ పిల్లల అమ్మానాన్నలే. తమ ఇంట్లో చీకటి ఉండేదని మైకులో వినడానికి వాళ్లు పని మానుకుని రాలేదు. సన్మాన పత్రాల్లో ఈ పొరపాటు ఎంత మామూలుగా దొర్లుతుందంటే, రాసినవాళ్లకు అది తిట్టుగా తోచదు కూడా.

తర్వాత "కృషీవలులు". అంటే రైతులు. కష్టపడేవారు అనే అర్థంలో వాడేశారు. రైతులున్న సభలో లెక్కల సారును రైతు అంటే ఎవరో ఒకరు నవ్వుతారు. పెద్ద మాటలతో వచ్చే చిక్కు ఇదే. మనం రోజూ వాడని మాట తప్పుగా వాడామో లేదో మన చెవికి అందదు. "విశిష్ట"ను "విశిష్ఠ" అనీ "దృఢ"ను "ధృఢ" అనీ రాసే తప్పులు కూడా ఇలాంటి పేరాల్లోనే దొరుకుతాయి.

"మీ కీర్తి" అని మొదలుపెట్టి "నీ సేవలు" దగ్గరికి వచ్చారు. ఎక్కడో పాత పత్రంలోంచి ఒక వాక్యం, ఇంకో పత్రంలోంచి మరో వాక్యం తెచ్చి అతికినప్పుడు ఇలా జరుగుతుంది.

ఇక ఆదిశేషుడు. ఈ వాక్యం చెప్పేదల్లా "ఆయన ఏం చేశారో మేం కనుక్కోలేదు" అని. వేయి నాలుకలు అక్కర్లేదు, రెండు సంఘటనలు కావాలి.

అవన్నీ కొట్టేస్తే కాగితం మీద ఏమీ మిగల్లేదు. ఇప్పుడేం రాయాలి?

మిగలకపోవడం మంచిదే, ఎందుకంటే అసలు పని ఇక్కడ మొదలవుతుంది. కొట్టేసిన ప్రతి విశేషణాన్నీ ప్రశ్నగా మార్చుకోండి. "కల్పవృక్షం" అని రాశారు కదా, ఎవరికి ఏమిచ్చారు? "నిరంతర" అన్నారు, బడి వదిలాక ఎంతసేపు ఉండేవారు? "కరతలామలకం" అన్నారు, ఏ లెక్క, ఎలా చెప్పారు?

ఈ ప్రశ్నలకు జవాబులు కమిటీ దగ్గర ఉండవు. బడి అటెండరును అడగండి. మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడగండి. ఇద్దరు పాత విద్యార్థులకు ఫోన్ చేయండి. అడిగేటప్పుడు "సారు ఎలాంటివారు?" అంటే "చానా మంచోరు" అన్న మాటే వస్తుంది, అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. "సారు సెలవు పెట్టిన రోజు ఏమయ్యేది?", "సారు మీద నీకెప్పుడైనా కోపం వచ్చిందా?", "ఆయన చెప్పిన మాటల్లో ఇప్పటికీ మీరు ఇంట్లో అనుకునేది ఏది?" అని అడగండి. ఇలాంటి ప్రశ్నలకు సంఘటనతో తప్ప జవాబు చెప్పలేరు.

ఈ ఊరి విషయంలో "కల్పవృక్షం" దగ్గర అడిగిన ప్రశ్నకు బయటపడింది సుగ్గి సంగతి. ఆ వైపు ఊళ్లలో పత్తి పనులు అయిపోగానే జనం మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్తారు. ఇంటికి తాళం పడితే పదో తరగతి పిల్లలు కూడా వాళ్లతోనే బండెక్కాలి. మార్చి వచ్చేసరికి హాల్‌టికెట్ ఉంటుంది, పిల్ల ఉండదు. ఈ సారు డిసెంబరులోనే ఏ ఇంటివాళ్లు వెళ్తున్నారో రాసుకుని, వాళ్లు పొలం నుంచి వచ్చే వేళకు వెళ్లి అరుగు మీద కూర్చునేవారట. ఒక తల్లి చెప్పిన మాట ఇది: "నేను పిలుచుకోని పోతానంటే సారు లేస్తే కదా! సద్ది మూట కూడా కట్టుకుంటి. రాత్రి తొమ్మిదైనా అరుగు దిగలేదు."

ఆ అరుగు దొరికాక కల్పవృక్షంతో పని లేదు.

"కరతలామలకం" కింద దొరికింది ఇంకా బాగుంది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి అమ్మి తెచ్చుకున్న చీటీలను సారు పిల్లలతో తెప్పించి, తూకం ఎంత, తరుగు ఎంత తీశారు, హమాలీ ఎంత, చేతికి ఎంత రావాలి అని బోర్డు మీద వేయించేవారు. శాతాల పాఠం అట్లా అయిపోయేది.

పత్రంలో "మేము" అంటే ఎవరు? "మీరు" అనాలా, "తమరు" అనాలా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఈ లెక్క తేలకపోతే వాక్యాలేవీ కుదరవు. చిత్తులో మొదటి పేరాలో "మేము" గ్రామ పెద్దలు, రెండో పేరాలో తోటి టీచర్లు, మూడో పేరాలో పిల్లలు. కింద సంతకం "ఇట్లు, సన్మాన కమిటీ". సన్మాన కమిటీని ఎవరూ లెక్కలు రాక తిట్టి ఉండరు కదా!

ఎవరు ఇస్తున్నారో మొదట తేల్చుకోండి. ఇక్కడ తల్లిదండ్రులు అనుకున్నాం. దాంతో రాయాల్సినవేవో, వదలాల్సినవేవో తేలిపోయాయి. తల్లిదండ్రులు చూసింది అరుగు మీది సారును. తరగతి గదిలో సారును వాళ్లు చూడలేదు, కాబట్టి ఆ సంగతి "పిల్లలు చెప్పారు" అని రాయాలి. అలా రాస్తే అందులో ఒక నిజాయితీ వస్తుంది. తాము చూడనిదాన్ని చూసినట్టు రాయడం లేదని వినేవాళ్లకు తెలుస్తుంది.

సంబోధనకు "మీరు" చాలు, మొదటి నుంచి చివరి దాకా. "తమరు" అర్జీల భాష. పేరా పేరాకూ "గురువర్యా!", "సహృదయా!", "కర్మయోగీ!" అని పిలిచే పద్ధతి పాత పత్రాల్లో ఉంది. అలా ఆరుసార్లు పిలిస్తే స్టేజీ మీద కూర్చున్న మనిషి ప్రతిసారీ ఉలిక్కిపడినట్టు తల ఎత్తాలి. పైన ఒక్కసారి "గౌరవనీయులు" అని పిలవండి, అంతే.

తిరగరాశాక ఆ పత్రం ఎలా వచ్చింది?

> గౌరవనీయులు శ్రీ ………… గారికి,
>
> మీరు మా ఊరి బడికి వచ్చిన మొదటి ఏడాది, జనవరి దాటాక పదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. మా పిల్లలు మాతోపాటు మిరప కోతకు వచ్చేశారు. ఆ మరుసటి ఏడాది డిసెంబరులోనే మీరు మా ఇళ్లకు వచ్చారు. మేం పొలం నుంచి తిరిగి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నారు. "పరీక్షలయ్యేదాకా పిల్లను అవ్వ దగ్గర వదలండి, చదువు సంగతి నేను చూసుకుంటా" అన్నారు. అన్నట్టే సాయంత్రం బడి వదిలాక కూడా ఆరింటి దాకా వాళ్లతో ఉన్నారు.
>
> యార్డులో మాకిచ్చిన పత్తి చీటీలతోనే మా పిల్లలకు లెక్కలు నేర్పారు. ఇప్పుడు చీటీ రాగానే మేం ముందు పిల్లల చేతికి ఇస్తున్నాం.
>
> మీ కోపమంటే పిల్లలకు భయం. అయితే లెక్క తప్పితే ఎప్పుడూ కోప్పడలేదని, బడి మానేస్తేనే కోప్పడేవారని వాళ్లే చెప్పారు.
>
> మీకు మేం చేసిన మేలు ఏమీ లేదు. మీరు చేసింది మాత్రం మాకు గుర్తుంది. ఈ రోజు అందరి ముందు మీకు ధన్యవాదాలు చెప్పుకుంటున్నాం. మీరు, మీ ఇంటివాళ్లు ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నాం.
>
> ఇట్లు,
> విద్యార్థుల తల్లిదండ్రులు

ఇందులో "గొప్ప", "మహోన్నత", "అపారమైన" అనే మాట ఒక్కటీ లేదు. "సగం బెంచీలు ఖాళీ" అనే మాట మాత్రం ప్రింటుకు ఇచ్చే ముందు హాజరు పట్టీతో సరిచూసుకున్నాకే ఉంచాం. సాదాగా రాసిన పత్రంలో అబద్ధం దాక్కోలేదు. "కీర్తి దశదిశలా" అంటే ఎవరూ లెక్క అడగరు కానీ "సగం బెంచీలు" అంటే హెడ్‌మాస్టరు అడుగుతారు.

సంస్కృత పదాలన్నీ తీసేయాలా?

అక్కర్లేదు. గౌరవనీయులు, పదవీ విరమణ, ధన్యవాదాలు, ఆరోగ్యం, విద్యార్థి: వీటిని రోజూ వాడుతూనే ఉన్నాం. నోట్లో తిరిగే మాట ఏ భాషలోంచి వచ్చినా ఉండనివ్వండి. తీసేయాల్సింది ఆ పత్రం కోసమే పుట్టి, ఆ పత్రంతోనే పోయే సమాసాలను. "గావించి, భాసిల్లి, విరాజిల్లి" లాంటి క్రియలను కూడా "చేసి", "ఉండి" అని మార్చి చూడండి. మారిస్తే వాక్యం నవ్వొచ్చేలా తయారైందంటే ఆ వాక్యంలో మొదటి నుంచీ విషయం లేదని అర్థం.

అలంకారాలు తీసేస్తే సర్వీసు రికార్డులా తయారైంది. అదీ బాగాలేదు.

బాగోదు. ఇది రెండో వైపు గొయ్యి. "ఫలానా సంవత్సరం డీఎస్సీ ద్వారా ఎంపికై, ఫలానా మండలంలో అయిదేళ్లు, ఆపై ఫలానా మండలంలో ఏడేళ్లు పనిచేసి" అని సాగితే అందులో పొగడ్త లేదు, మనిషీ లేడు. బదిలీల పట్టిక ట్రెజరీకి కావాలి, సభకు అక్కర్లేదు. ఆ వివరాలు చెప్పాల్సిందే అనుకుంటే సభాధ్యక్షులు పరిచయం చేసేటప్పుడు చెప్తారు.

మన పత్రంలో సారు ఏం చేశారన్నదే కాదు, దానివల్ల మా ఇంట్లో ఏం మారిందన్నది కూడా ఉంది. చీటీ పిల్లల చేతికి వెళ్తోంది. ఆ రెండో సగం లేకపోతే వాక్యం నివేదికే అవుతుంది. మీ చిత్తులో ప్రతి సంఘటన పక్కనా "అయితే మాకేమైంది?" అని రాసుకుని జవాబు వెతకండి. జవాబు లేని సంఘటనలను వదిలేయొచ్చు.

కమిటీ పెద్దలు "బరువు లేదు, మరీ మామూలుగా ఉంది" అంటున్నారు. ఏం చేయాలి?

వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. సన్మాన పత్రం గోడకు తగిలించే వస్తువు. చూడగానే మర్యాదగా కనిపించాలి. ఆ మర్యాదను అంచులకు వదిలేయండి. పైన "సన్మాన పత్రం" అన్న శీర్షిక పెద్ద అక్షరాల్లో, దాని కింద "పదవీ విరమణ సందర్భంగా సవినయంగా సమర్పించినది", తేదీ, స్థలం, సరస్వతి బొమ్మ, బంగారు రంగు బార్డరు. ఇవన్నీ ఉండనివ్వండి, వీటి మీద గొడవ వద్దు. లోపలి పేరాలు మాత్రం సాదాగా ఉంచండి.

అప్పటికీ ఒప్పుకోకపోతే వాదించకుండా రెండు చిత్తులనూ వాళ్ల ముందే ఎవరితోనైనా పైకి చదివించండి, వీలైతే ఒక పాత విద్యార్థితో. అరుగు దగ్గరికి వచ్చేసరికి పెద్దల్లోనే ఒకరు "అవునప్పా, మా ఇంటికీ వచ్చినాడు" అంటారు. అక్కడితో చర్చ సగం అయిపోయినట్టే. ఇంకా పట్టుబడితే ఒక్క బిరుదు వాళ్లకు వదిలేయండి, శీర్షిక కింద పెట్టండి. ఒక్క "విద్యాభూషణ" వల్ల పత్రం చెడిపోదు.

పద్యం పెట్టొచ్చా?

మీలో ఎవరికైనా పద్యం రాయడం వస్తే, ఆయనకు సారు తెలిసి ఉంటే, ఒక్కటి పెట్టండి, చివర్లో. ఆటవెలది అయితే ప్రాస నియమం లేదు కాబట్టి మామూలు మాటలు ఇరికించకుండా ఇమిడిపోతాయి. కందంలో ప్రాస కోసం వెతుకులాడుతూ మళ్లీ భాస్కరుడి దగ్గరికే వెళ్లే ప్రమాదం ఉంది. పద్యంలో "నీవు" అనడం వాడుకలో ఉన్నదే, దానికి కంగారు పడొద్దు. వచనంలో మాత్రం "మీరు" దాటకండి. పాత పత్రంలోని పద్యంలో పేరు మార్చి పెట్టకండి. పేరు మారితే గణాలు చెడతాయి, తెలుగు సారు సభలోనే ఉంటారు.

ఆయన కోపం గురించి, చేసిన డబ్బు సాయం గురించి రాయొచ్చా?

కోపం గురించి రాయొచ్చు, ఊరందరికీ తెలిసినదైతే, దాని వెనక కారణం కూడా చెప్పగలిగితే. ఆయన అజాతశత్రువు అని రాస్తే దెబ్బలు తిన్న పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఉన్నది ఒప్పుకుని రాస్తే మిగతా పత్రాన్ని కూడా నమ్ముతారు. కొట్టడం వేరే విషయం. దాన్ని ముద్దుగా జ్ఞాపకంలా రాయకండి.

డబ్బు సాయం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఫీజు కట్టారన్నది నిజమే కావచ్చు, కానీ తీసుకున్న పిల్లవాడు అదే సభలో ఉంటాడు. సారు కూడా ఆ సంగతి ఎక్కడా చెప్పి ఉండరు. ఇద్దరినీ అడిగాకే రాయండి, రాసినా ఆ అబ్బాయి పేరు వద్దు. ఇద్దరిలో ఏ ఒక్కరు మొహమాటపడినా వదిలేయండి.

భార్య గురించి "సహధర్మచారిణిగా వెన్నుదన్నుగా నిలిచి" అనే వాక్యం తప్పనిసరా?

కాదు. ఆమె గురించి మీకు ఏమైనా తెలిస్తే రాయండి. సాయంత్రం ఆగిపోయిన పిల్లలకు బొరుగులు పంపేవారనో, ఇంకోటో. తెలియకపోతే చివరి వాక్యంలో "మీ ఇంటివాళ్లు" అంటే చాలు. సన్మానం టీచరమ్మదైతే భర్త "త్యాగం" గురించి ఎవరూ రాయరన్నది కూడా గమనించాల్సిన సంగతే.

ఎంత పొడవు ఉండాలి?

ఎ3 ఫ్రేములో, బార్డరు, బొమ్మ, శీర్షిక పోను, గోడ మీద ఉన్నా చదవగలిగే అక్షరాల్లో నూట యాభై మాటలు దాకా హాయిగా పడతాయి. అంతకు మించితే అక్షరం సైజు తగ్గించాలి. తగ్గిస్తే గోడ మీద ఎవరూ చదవరు. చదవడానికి కూడా రెండు నిమిషాల లోపే పడుతుంది. పత్రంలో పట్టని సంఘటనలను పారేయకండి, మాట్లాడేవాళ్లకు ఒక్కొక్కటి పంచండి. అందరూ ఒకే నాలుగు విశేషణాలు చెప్పే బెడద కూడా తప్పుతుంది.

సభ రేపే. ఇప్పుడు ఎవర్నీ అడిగే టైం లేదు.

మూడు పనులు చేయండి. ఊరినీ పిల్లలనూ తక్కువ చేసే మాటలు కొట్టేయండి. "నీ", "తమ" ఉన్న చోటల్లా "మీ" చేయండి. ఆదిశేషుడి వాక్యం తీసేసి ఆ చోట మీకు స్వయంగా తెలిసిన ఒక్క సంఘటన రాయండి, రెండు వాక్యాల్లో. మిగతాది ఉన్నట్టే పోనివ్వండి. ప్రూఫ్ మాత్రం ఫోన్‌లో చూడకండి, కాగితం మీద తీసుకుని ఇంకొకరికి చదివి వినిపించండి. సారు ఇంటిపేరు, ఇనీషియల్స్ వాళ్ల ఇంట్లోనే ఎవరినైనా అడిగి సరిచూసుకోండి. ఫ్రేము కట్టాక ఇంటిపేరులో ఒత్తు తప్పు కనిపిస్తే అద్దం పగలగొట్టడం తప్ప దారి లేదు.